రివ్యూకు జవాబు రానప్పుడు ఎండీకి రాసే ఉత్తరం

ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు పాడైతే ఈ రోజుల్లో చాలామంది మొదట చేసే పని, దాన్ని కొన్న పేజీలోనే ఒక్క నక్షత్రం ఇచ్చి నాలుగు మాటలు రాయడం. వారాలు గడిచినా జవాబు రాకపోతే, కంపెనీ చదివి కూడా పట్టించుకోలేదని అనుకుంటారు. చాలాసార్లు అది పట్టించుకోవలసిన మనిషి దాకా చేరనే చేరదు. అమ్మకాల వేదిక మీద కనిపించే రివ్యూ ఆ వేదిక నిర్వహించే పేజీలో ఉంటుంది. వస్తువు తయారుచేసిన కంపెనీ వేరు, బిల్లు ఇచ్చిన వ్యాపారి వేరు. ముగ్గురూ దాన్ని చూడగలరు కానీ, జవాబు ఎవరు చెప్పాలన్నది ఆ పేజీలో ఎక్కడా ఉండదు. పైగా రివ్యూలో ఆర్డరు నంబరు ఉండదు, ఫోను నంబరు ఉండదు, వస్తువు సీరియల్ నంబరు ఉండదు. సాయం చేద్దామనుకున్న ఉద్యోగికి కూడా ఆ రాసినవారెవరో పోల్చుకునే దారి దొరకదు.

చట్టం కూడా ఈ రెండింటినీ ఒకే గాటన కట్టదు. ఆన్‌లైన్ రివ్యూలపై భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. రివ్యూలను ఎలా సేకరించాలి, ఎలా పరిశీలించాలి, ఎలా ప్రచురించాలి అన్నవే దాని విషయాలు. ఫిర్యాదు సంగతి అలా కాదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి వేదికా ఒక ఫిర్యాదుల అధికారిని నియమించి, ఆ అధికారి పేరు, హోదా, సంప్రదించే వివరాలు అందరికీ కనిపించేలా పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, అందిన నెలలోగా పరిష్కరించాలి. ఆ వేదిక మీద అమ్మే వ్యాపారికీ ఇవే గడువులు వర్తిస్తాయి. ఈ గడియారం ఫిర్యాదు అందిన క్షణం నుంచి తిరుగుతుంది, రివ్యూ పెట్టిన రోజు నుంచి కాదు. మూడు వారాలు రివ్యూకు జవాబు కోసం ఎదురుచూసినవారు ఆ గడియారాన్ని ఇంకా మొదలుపెట్టలేదన్నమాట. అయితే ఆ రివ్యూ వృథా పోదు. ఫలానా తేదీకే ఈ లోపం ఉందని, దాన్ని బాహాటంగా చెప్పారని చూపే ఆధారంగా అది తరవాత పనికొస్తుంది.

ఆ తరవాతి మెట్టు కంపెనీ అధిపతికి ఉత్తరం. దీన్ని కోపం వెళ్లగక్కే చివరి అవకాశంగా చూసేవారు ఎక్కువ. నిజానికి అది చేయవలసిన పని చాలా నిర్దిష్టమైనది: ఆ కస్టమర్ గురించి కంపెనీ కంప్యూటర్లో నమోదై ఉన్న తప్పు కథను ఆధారాలతో సరిదిద్దడం. ఇది అర్థం కావడానికి కల్పితమే అయినా తరచూ జరిగే తీరులోనే ఉన్న ఒక ఉదాహరణ చూడాలి.

గుంటూరులో ఒక గృహిణి మార్చి 9న ఆన్‌లైన్‌లో 260 లీటర్ల రెండు తలుపుల ఫ్రిజ్ రూ.27,990కి కొన్నారు. మొత్తం ఫ్రిజ్‌కు ఏడాది, కంప్రెసర్‌కు పదేళ్లు వారంటీ. మే 6న చల్లదనం పోయింది. కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేస్తే మే 8న టెక్నీషియన్ వచ్చి, గ్యాస్ పోయిందని చెప్పి నింపి వెళ్లారు. మే 17న మళ్లీ అదే పరిస్థితి. మే 19న వచ్చిన రెండో టెక్నీషియన్ లీకు ఫ్రిజ్ గోడ లోపల ఉందని, ఇది ఇంట్లో అయ్యే రిపేరు కాదని, మార్చి ఇవ్వడానికి ఆఫీసు అనుమతి కావాలని జాబ్ షీటులో రాశారు. మే 22న సర్వీసు సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది. అనుమతికి పంపాలంటే మొబైల్‌కు వచ్చిన కోడ్ చెప్పాలన్నారు. ఆమె చెప్పారు. కాసేపటికే ఫిర్యాదు పరిష్కారమైందని మెసేజ్ వచ్చింది. ఆ తరవాత ఎవరూ రాలేదు, ఫోన్ ఎత్తలేదు. మే 26న ఆమె రివ్యూ రాశారు. జూన్ 18 నాటికి దానికి జవాబు లేదు.

ఇందులో రెండు సంగతులు ఆగి చూడదగ్గవి. మొదటిది గ్యాస్. ఫ్రిజ్‌లో గ్యాస్ తిరిగే గొట్టాలన్నీ సీలు వేసి ఉంటాయి. స్టవ్వు గ్యాస్‌లా వాడుతుంటే అయిపోయేది కాదది. ఒకసారి నింపితే సీలు చెదరనంత కాలం అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. కొన్న రెండు నెలలకే గ్యాస్ పోయిందంటే ఎక్కడో లీకు ఉందనే అర్థం. లీకు ఎక్కడో కనిపెట్టి మూయకుండా మళ్లీ గ్యాస్ నింపితే కొన్నాళ్లు చల్లబడి మళ్లీ ఆగిపోతుంది. అంటే మే 8న జరిగింది రిపేరే కాదు. లీకు బయటి గొట్టంలో ఉంటే అతికించవచ్చు. గోడ లోపలి ఫోమ్‌లో పూడ్చిన గొట్టంలో ఉంటే ఆ ఫోమ్‌ను చీల్చకుండా చేరుకోలేరు. అందుకే అలాంటప్పుడు కంపెనీలు ఫ్రిజ్‌నే మార్చి ఇవ్వడమో సొమ్ము తిరిగి ఇవ్వడమో చేస్తుంటాయి. రెండో టెక్నీషియన్ రాసిన ఆ ఒక్క వాక్యం ఈ కేసులో అన్నిటికన్నా విలువైన కాగితం.

రెండోది కోడ్. పని పూర్తయి కస్టమర్ తృప్తి చెందాకే చెప్పవలసిన ఈ ఓటీపీని చాలా కంపెనీలు హ్యాపీ కోడ్ అంటాయి. కోడ్ పడితేనే ఫిర్యాదు ముగిసినట్టు లెక్క. గడువులోగా ఎన్ని ఫిర్యాదులు ముగించారన్న లెక్కతో సర్వీసు సెంటర్ పనితీరును కొలిచే చోట, పని పూర్తి కాకముందే కోడ్ అడిగే అలవాటు పుడుతుంది. ఫలితం దారుణంగా ఉంటుంది. హెడ్డాఫీసులో కూర్చున్నవారికి కనిపించే తెరమీద రెండు ఫిర్యాదులు, రెండూ పరిష్కారమయ్యాయి, రెండోదాన్ని కస్టమరే కోడ్ ఇచ్చి ఒప్పుకున్నారు. ఆ తెర ప్రకారం గుంటూరులో సమస్యే లేదు. ఒక్క నక్షత్రం రివ్యూ ఎంత ఘాటుగా ఉన్నా ఆ తెరను మార్చలేదు.

ఉత్తరం ఎవరికి రాయాలన్నది తేలిగ్గా తేలేదే. వస్తువులో లోపం కాబట్టి తయారుచేసిన కంపెనీ మేనేజింగ్ డైరెక్టరుకు రాయాలి, ప్రతులు వేదిక ఫిర్యాదుల అధికారికీ అమ్మిన వ్యాపారికీ పంపాలి. పేరు తెలియకపోయినా హోదాతో రాస్తే చాలు. చిరునామా కోసం ఎక్కడెక్కడో వెతకనక్కరలేదు. కంపెనీలు తమ వ్యాపార ఉత్తరాల మీద, బిల్లుల మీద రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, ఫోన్, ఈ-మెయిల్ ముద్రించాలని 2013 కంపెనీల చట్టం 12వ సెక్షన్ చెబుతుంది. ప్యాకేజీ మీద కూడా ఫిర్యాదులకు సంప్రదించవలసిన పేరు, చిరునామా, ఫోన్, ఈ-మెయిల్ ఉండాలని తూనికలు కొలతల నిబంధనలున్నాయి. అట్టపెట్టె పారేసినవారు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొట్టి రిజిస్టర్డ్ ఆఫీసు వివరాలు చూసుకోవచ్చు. ఎండీ పేరుకు ముందో వెనకో కంపెనీ పేరు తగిలించి ఊహించిన ఈ-మెయిళ్లకు పంపడం మాత్రం నమ్మదగ్గ పద్ధతి కాదు. వెళ్లిందో లేదో కూడా తెలియదు.

ఆ ఉత్తరాన్ని ఎండీ స్వయంగా చదవకపోవచ్చు. పెద్ద కంపెనీల్లో ఇలాంటివి ఆయన కార్యాలయంలోని సిబ్బందే తెరుస్తారు. కానీ వారు దాన్ని సర్వీసు విభాగం పెద్దకు పంపినప్పుడు అది ఎండీ ఆఫీసు నుంచి వచ్చిన కాగితం అవుతుంది, దానికి జవాబు చెప్పుకోవలసిన అవసరం ఏర్పడుతుంది. కాబట్టి ఉత్తరం నిజానికి ఇద్దరి కోసం రాయాలి: రెండు నిమిషాల్లో చదివి ఎవరికి పంపాలో తేల్చుకునే మనిషికి, ఆ తరవాత తెరమీది వివరాలతో పోల్చి చూసే మనిషికి. ఇద్దరికీ ఒక్క పేజీ చాలు. హెడ్డాఫీసు ఉత్తరాదిలో ఉంటే ఇంగ్లీషులో పంపడం ఆచరణలో సుకరం. ఆ గృహిణి ఉత్తరం తెలుగులో ఇలా ఉంటుంది. పైన ఆర్డరు, బిల్లు, సీరియల్ నంబర్లు, రెండు ఫిర్యాదుల నంబర్లు వరసగా ఉంటాయి.

"విషయం: వారంటీలో ఉన్న ఫ్రిజ్ ఒకే లోపంతో రెండుసార్లు ఆగిపోవడం, బాగుచేయకుండానే ఫిర్యాదులు మూసివేయడం గురించి.

గౌరవనీయులైన మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

మీ కంపెనీ ఫ్రిజ్‌ను మార్చి 9న రూ.27,990 చెల్లించి కొన్నాను. మే 6న అది చల్లబడడం మానేసింది. మే 8న వచ్చిన టెక్నీషియన్ గ్యాస్ నింపారు. లీకు ఎక్కడుందో జాబ్ షీటులో రాయలేదు. మే 17న ఫ్రిజ్ మళ్లీ ఆగింది. మే 19న వచ్చిన టెక్నీషియన్ లీకు గోడ లోపలి గొట్టంలో ఉందని, ఇంట్లో బాగుచేయడం వీలుకాదని జాబ్ షీటులో రాశారు. ప్రతి జతచేశాను.

మే 22న, మార్పిడి అనుమతికని చెప్పి మీ సర్వీసు సెంటర్ వారు ఫోనులో కోడ్ తీసుకున్నారు. వెంటనే ఫిర్యాదు పరిష్కారమైనట్టు మూసేశారు. మీ రికార్డులో అలా కనిపించినా ఆ రోజు ఎవరూ మా ఇంటికి రాలేదు, ఫ్రిజ్ బాగుకాలేదు. మే 26న ఇదే సంగతి రివ్యూగా రాశాను. నేటి వరకు జవాబు లేదు. మే 17 నుంచి ఫ్రిజ్ పనిచేయడం లేదు.

ఇదే మోడల్ లేదా దానికి సమానమైన కొత్త ఫ్రిజ్ ఇప్పించండి. అది వీలుకాకపోతే రూ.27,990 పూర్తిగా తిరిగి చెల్లించండి. మొదటి ఏడాది వారంటీలోనే ఉన్నందున తరుగుదల పేరిట కోతకు ఒప్పుకోలేను. మీ మనిషి తనిఖీకి ఏ రోజు ఉదయం పది తరవాత వచ్చినా సహకరిస్తాను. జూలై 3లోగా రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాను. అప్పటికి పరిష్కారం కాకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

ఇట్లు, భవదీయురాలు"

ఈ ఉత్తరానికి ప్రాణం రెండో పేరాలో ఉంది. ఎండీ ఆఫీసు వివరణ అడగ్గానే సర్వీసు సెంటర్ చెప్పే మొదటి మాట, కస్టమరే కోడ్ ఇచ్చారు కదా అని. ఆ మాట రాకముందే ఉత్తరం దానికి జవాబు చెప్పింది. మే 22న ఎవరూ రాలేదన్నది కంపెనీ తన సొంత లెక్కలతోనే సరిచూసుకోగల విషయం. ఆ రోజు టెక్నీషియన్ ఏ ఇంటికి వెళ్లారో, ఏ విడిభాగం వాడారో వారి దగ్గరే ఉంటుంది. పరిష్కారమైందన్న ఫిర్యాదుకు ఇంటికి వెళ్లిన దాఖలా గానీ కొత్త జాబ్ షీటు గానీ లేకపోతే, ఇక కస్టమరు మాటను కాదనడం కష్టం.

అడిగినది కూడా ఒకటే, దానికి ఒక ప్రత్యామ్నాయం. పాలు విరిగిపోయాయని, బయట నుంచి ఐసు కొనుక్కోవలసి వచ్చిందని, మనస్తాపానికి లక్ష రూపాయలు కావాలని కలిపి రాస్తే, తేల్చడానికి తేలికైన విషయం తేలని విషయమవుతుంది. చిన్న నష్టాలకు బిల్లులు ఉంటే దాచుకుని కమిషన్ ముందు అడగవచ్చు. తరుగుదల గురించిన వాక్యం మాత్రం తప్పనిసరి. సొమ్ము తిరిగి ఇచ్చేటప్పుడు వాడిన నెలలకు కొంత కోసి ఇవ్వజూపడం మామూలు. ముందే కాదని రాసి ఉంటే బేరం అక్కడి నుంచి మొదలవదు.

రాయకూడనివి కొన్ని ఉన్నాయి. టెక్నీషియన్‌ను దొంగ అనడం, కంపెనీని మోసగాళ్ల ముఠా అనడం వల్ల కేసు బలపడదు. పరువునష్టం దావా వేస్తామని బెదిరించే అవకాశం అవతలివారికి దొరుకుతుంది. అంతకన్నా ప్రమాదకరం, సొమ్ము ఇస్తే రివ్యూ తీసేస్తానని రాయడం. న్యాయంగా రావలసిన సొమ్మును అడుగుతున్న మనిషి ఆ ఒక్క వాక్యంతో బెదిరించి డబ్బు గుంజుతున్న మనిషిలా కనిపిస్తారు. రివ్యూను ఉన్నదున్నట్టు వదిలి, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి జతచేస్తే చాలు. దాన్ని మార్చి మార్చి రాస్తే మే 26న ఏమన్నారో చూపే ఆధారం చెదిరిపోతుంది. ప్రధానమంత్రి మొదలు పది మందికి ప్రతులు పంపినట్టు అడుగున జాబితా వేయడం కూడా కలిసిరాదు. ఎవరికి వారు మరొకరు చూసుకుంటారని ఊరుకుంటారు.

జతచేసే వాటిలో బిల్లు, రెండు జాబ్ షీట్లు, ఫిర్యాదు మూసినట్టు వచ్చిన మెసేజ్, మే 22న వచ్చిన ఫోన్ కాల్ వివరం, రివ్యూ స్క్రీన్‌షాట్, సీరియల్ నంబరు ఉన్న పట్టీ ఫొటో ఉండాలి. అన్నీ నకళ్లే, అసలు కాగితాలు ఇంట్లోనే. ఈ-మెయిల్‌తో పాటు తపాలాలో కూడా పంపడం మంచిది. 2025లో తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది కాబట్టి కౌంటరు దగ్గర స్పీడ్ పోస్టే అడగాలి. రసీదును, బట్వాడా అయినట్టు ట్రాకింగ్‌లో కనిపించే పేజీ ప్రింటును ఉత్తరం నకలుకు పిన్ను చేసి ఉంచాలి. వేదిక ఫిర్యాదుల అధికారికి అదే రోజు పంపితే 48 గంటల గడియారం కూడా అప్పుడే మొదలవుతుంది.

ఉత్తరం పనిచేస్తోందా లేదా అన్నది మొదటి ఫోన్ కాల్‌లోనే చాలావరకు తెలిసిపోతుంది. మాట్లాడేవారు తమ పేరు, హోదా చెప్పి, పాత ఫిర్యాదు నంబరునే తిరిగి తెరిచి, మే 19 జాబ్ షీటు గురించి అడిగితే ఎవరో కాగితం చదివారని అర్థం. కొత్త ఫిర్యాదు నంబరు ఇచ్చి, టెక్నీషియన్ వస్తారని మాత్రమే చెబితే కథ మళ్లీ మే 6 దగ్గర మొదలైనట్టే. అలాంటప్పుడు కూడా తనిఖీకి రానివ్వను అనకూడదు. కస్టమర్ నిరాకరించారని రికార్డులో పడుతుంది. వచ్చిన మనిషి చేత జాబ్ షీటు రాయించుకోవాలి, కోడ్ మాత్రం ఫ్రిజ్ బాగయ్యాకో కొత్తది దిగాకో ఇవ్వాలి. ఫోనులో ఏ హామీ ఇచ్చినా ఆ సాయంత్రమే రెండు వాక్యాల్లో ఈ-మెయిల్ చేయాలి: ఈ రోజు ఫలానా సమయంలో మీరు ఫలానా తేదీకి కొత్త ఫ్రిజ్ పంపుతామన్నారు, తేడా ఉంటే తెలపండి. తరవాత ఎవరూ కాదనకపోతే ఆ మెయిలే సాక్ష్యం.

మార్పిడికి ఒప్పుకున్నప్పుడు కొత్త ఫ్రిజ్‌కు వారంటీ ఎప్పటి నుంచో రాయించుకోవాలి. చాలా వారంటీ కార్డుల ప్రకారం మార్చి ఇచ్చిన వస్తువుకు మిగిలిన కాలమే వర్తిస్తుంది. సొమ్ములో కొంత ఇచ్చి పూర్తి తుది పరిష్కారమని రాసిన కాగితం మీద సంతకం అడిగితే, ఆ మొత్తం నిజంగా సమ్మతమైతేనే చేయాలి. సంతకం చేశాక మిగతాది అడగడం చాలా కష్టం. రివ్యూ తీసేస్తేనే ఇస్తామంటే ఆ షరతును రాతలో పంపమనాలి. వారంటీ బాధ్యతకూ రివ్యూకూ సంబంధం లేదు. కావాలంటే, సమస్య ఫలానా తేదీన పరిష్కారమైందని రివ్యూ కింద నిజం చేర్చవచ్చు.

జూలై 3 దాటితే ఇంకో ఉత్తరం, దాని మీద ఇంకో ఉత్తరం రాస్తూ పోవడం పొరపాటు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే ఫోన్ చేసి చెప్పవచ్చు. వారు ఫిర్యాదును కంపెనీకి పంపి రాజీకి ప్రయత్నిస్తారు. ఆదేశించే అధికారం మాత్రం వారికి లేదు. ఆ అధికారం జిల్లా వినియోగదారుల కమిషన్‌ది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తెచ్చిన పెద్ద వెసులుబాటు, కొన్నవారు తాము నివసించే జిల్లాలోనే కేసు వేయగలగడం. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా గుంటూరు ఫ్రిజ్ కేసు గుంటూరులోనే నడుస్తుంది. చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు, లాయరు ఉండాలన్న నియమమూ లేదు. ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. ఎండీకి రాసిన ఉత్తరం, దాని జతలే ఆ ఫిర్యాదుకు దాదాపు తయారైన ముసాయిదా. తయారీ కంపెనీని, వ్యాపారిని, వేదికను ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చడం సాధారణం.

అంతవరకు ఫ్రిజ్‌ను అలాగే ఉంచాలి. విసిగిపోయి బయటి మెకానిక్‌తో తెరిపిస్తే వారంటీ పోవచ్చు, లోపానికి సాక్ష్యమూ చెరిగిపోతుంది. లోపం ఉందా లేదా అన్న వివాదం వస్తే కమిషన్ వస్తువును ప్రయోగశాల పరీక్షకు పంపగలదు. పరీక్ష అవసరం లేని కేసును మూడు నెలల్లో, అవసరమైనదాన్ని ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఎక్కువే పట్టవచ్చు. ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోగా కేసు దాఖలు చేయాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు కానీ, ఉత్తర ప్రత్యుత్తరాలు నడుస్తున్నాయన్న ఒక్క కారణంతో ఆ గడువు పొడిగిపోదు.